ఏసీ ఉంటే గాలి ఉన్నట్టు కాదు

ఫ్లూ సీజన్ మొదలవగానే మా ఆఫీసు మీటింగ్ రూమ్ తలుపు మీద ఒక నోటీసు వెలిసింది. మాస్క్ పెట్టుకోండి, ఆరడుగుల దూరం పాటించండి, గదిలో గాలి ఆడేలా చూసుకోండి. సరిగ్గా దాని కింద ఎప్పటినుంచో ఉన్న పాత స్టిక్కర్: "ఏసీ నడుస్తోంది, తలుపు మూసి ఉంచండి." రోజూ ఆ రెండింటినీ చూస్తూనే లోపలికి వెళ్లేవాణ్ణి. పైదాన్ని కిందది వెక్కిరిస్తోందని తట్టలేదు. ఆ గదిలో గంటసేపు కూర్చుని, రెండో రోజు రాత్రి వణుకుతూ దుప్పటి వెతుక్కున్నాక తట్టింది.

ఆ రోజు పదిమందిమి ఉన్నాం. నెలాఖరు రివ్యూ. నాకు ఎదురుగా కూర్చున్న కుర్రాడు మాటిమాటికీ గొంతు సవరించుకుంటున్నాడు. "ఒంట్లో బాలేదా?" అంటే, "ఏం లేదన్నా, రాత్రి సరిగ్గా నిద్ర లేదు, అంతే" అన్నాడు. అతను అబద్ధం చెప్పాడనుకోను. ఫ్లూ ఉన్న మనిషి తనకి ఒళ్లు వెచ్చబడడానికి దాదాపు ఒక రోజు ముందే దాన్ని పంచడం మొదలుపెట్టొచ్చు. ఆ సాయంత్రానికి అతనికి జ్వరం వచ్చింది. తర్వాతి మూడు రోజుల్లో ఆ గదిలో ఉన్నవాళ్లలో ఇంకో నలుగురం పడ్డాం. ఒంట్లో చేరాక ఫ్లూ బయటపడడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు, మామూలుగా రెండు రోజులు పడుతుంది కాబట్టి లెక్క సరిపోతోంది. అయినా లీవుల నుంచి తిరిగొచ్చాక అందరం అన్న మాట ఒకటే: "ఆ రైళ్లలో తిరిగితే రాక చస్తుందా?"

రైలుని తిట్టడం తేలిక. రైల్లో మనకి తెలియనివాళ్లు ఉంటారు, మీద పడతారు, మెడ మీదే దగ్గుతారు. మీటింగ్ రూమ్‌లో ఉండేది మనవాళ్లు, కుర్చీకీ కుర్చీకీ మధ్య చోటు ఉంటుంది, చల్లగా ఉంటుంది. అందుకే రైలు ప్రమాదమనీ, గది క్షేమమనీ అనిపిస్తుంది. ఇది తప్పని, కనీసం సగమైనా తప్పని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. మాస్క్, గాలి, దూరం అనే మూడింటినీ ఒకే నోటీసులో కట్టగట్టి ప్రతి తలుపుకీ అంటించడం వల్ల ఏదీ జరగడం లేదు. రైల్లోనూ బస్సులోనూ మన చేతిలో ఉన్నది మాస్క్ మాత్రమే. ఆఫీసులో చేయాల్సింది గాలి మార్చడం, అది ఉద్యోగి చేతిలో లేదు. ఇక దూరం, మూడింటిలోకీ బలహీనమైనది.

ఆ గంటలో ఏం జరిగింది

మా బావ పెద్ద భవనాలకి ఏసీ డక్టులు వేయించే ఇంజినీరు. జ్వరం తగ్గాక ఫోన్లో ఇదంతా చెబితే, "నీ గదిలో చల్లదనం గురించి అడుగుతున్నావా, గాలి గురించి అడుగుతున్నావా?" అన్నాడు. రెండూ ఒకటే కదా అన్నాను. నవ్వి, తన దగ్గరున్న కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఒకటి పంపించాడు.

అరచేతిలో పట్టే డబ్బా అది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 420 పాళ్లు ఉంటుంది. మనం వదిలే ఊపిరిలో దాదాపు 40,000 పీపీఎం. అంటే గదిలో ఆ అంకె పెరుగుతోందంటే అక్కడున్నవాళ్లు వదిలిన ఊపిరి బయటికి పోకుండా లోపలే పోగవుతోందన్నమాట. మీటర్‌కి వైరస్ కనబడదు. కానీ వైరస్ ఏ ఊపిరి మీద సవారీ చేస్తుందో అది కనబడుతుంది.

కొనాలనుకునేవాళ్లకి బావ చెప్పిన ఒక జాగ్రత్త. చవకగా దొరికే మీటర్లలో కొన్ని అసలు కార్బన్ డయాక్సైడ్‌ని కొలవవు. ఇంకేవో ఆవిర్లని కొలిచి దాన్నిబట్టి ఒక అంకె ఊహించి చూపిస్తాయి. అలాంటిదాని పక్కన శానిటైజర్ చేతికి రాసుకుంటే అంకె ఎగిరి గంతేస్తుంది. పరారుణ కాంతితో కొలిచే అసలు సెన్సరైతే పెద్దగా చలించదు. ఆరుబయట పెట్టి పది నిమిషాలు ఆగితే 400, 450 మధ్య నిలవాలి. గదిలో పెట్టేటప్పుడు మన మొహానికి దగ్గరగా పెట్టకూడదు, పెడితే మన ఊపిరినే కొలుస్తుంది.

తర్వాతి నెల రివ్యూకి అదే గదిలో మళ్లీ పదిమందిమి కూర్చున్నాం. గది 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు, అంటే దాదాపు 65 ఘనపు మీటర్లు. కిటికీలు తెరుచుకోవు. సీలింగ్‌లో క్యాసెట్ ఏసీ. మీటర్‌ని టేబుల్ చివర, నీళ్ల సీసాల వెనక పెట్టాను. తలుపు మూసినప్పుడు 680. ఇరవై నిమిషాలకి 1,490. నలభై నిమిషాలకి 2,180. గంట గడిచి అందరూ లేచేసరికి 2,750. తలుపు బార్లా తీసి, ఎదురుగా ఉన్న కారిడార్ కిటికీ కూడా తీయించాను. పావుగంటలో 950కి దిగింది. గది పాడైపోలేదు, ఎవరూ తలుపు తీయకపోవడమే దాని జబ్బు.

ఈ అంకెల్ని ఊపిరి లెక్కలోకి మార్చి చూశాక నాకు కొంచెం ఒళ్లు జలదరించింది. 2,750లోంచి బయటి గాలి 420 తీసేస్తే మిగిలేది 2,330. వదిలిన ఊపిరిలో ఉండే అంకెతో దాన్ని భాగిస్తే దాదాపు 6 శాతం. అంటే ఆ మీటింగ్ చివర్లో నేను పీల్చిన ప్రతి పదిహేడు గుక్కల గాలిలో ఒక గుక్క, అప్పటికే ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లో తిరిగొచ్చింది. కుర్చీలో కూర్చున్న మనిషి నిమిషానికి ఏడెనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. ఆ గంట మొత్తానికి సగటు వేసుకుంటే ఒక్కొక్కరం సుమారు 15, 16 లీటర్లు, అంటే ఒక బకెట్ నిండా, అందరూ వాడేసిన గాలి పీల్చాం. పక్కవాడు తాగిన గ్లాసులో నీళ్లు తాగడానికి మొహం చిట్లించే మనం, దీని గురించి మాత్రం ఎప్పుడూ అనుకోం.

రైలుకీ గదికీ ఉన్న తేడా

తర్వాత ఆ మీటర్ జేబులో పెట్టుకుని వారంపాటు రైల్లోనూ తిరిగాను. కిక్కిరిసిన ఏసీ పెట్టెలో ఎక్కువసార్లు 1,600కీ 2,000కీ మధ్య చూపించింది. స్టేషన్‌లో తలుపులు తెరుచుకున్నప్పుడల్లా వందో రెండొందలో దిగి, మళ్లీ ఎక్కేది. నేను అనుకున్నంత భయంకరంగా లేదు. నా ప్రయాణం పాతిక నిమిషాలు. ఆఫీసులో ఉండేది తొమ్మిది గంటలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, నేను కొన్ని రోజులు దానిలోనే ఇరుక్కుపోయాను. రైలు పెట్టెలో నూట యాభైమంది ఉంటారు, గదిలో పదిమందే. జబ్బుమనిషి రైల్లో ఉండే అవకాశమే ఎక్కువ కదా? నిజమే. ఆ సీజన్‌లో వందకి ఇద్దరు ఫ్లూతో తిరుగుతున్నారనుకుందాం. నూట యాభైమందిలో సగటున ముగ్గురు ఉంటారు, పదిమందిలో అయిదుసార్లకి ఒకసారి ఒకరుంటారు. కానీ రైల్లో ఆ ముగ్గురి ఊపిరీ మిగతా నూట నలభై ఏడుమంది ఊపిరితో కలిసి పలచబడుతుంది. గదిలో ఉన్న ఒక్కడి ఊపిరి మొత్తంలో పదోవంతు. మీటర్ రెండుచోట్లా ఒకే అంకె చూపిస్తుంటే, చాలా రోజుల మీద సగటు తీస్తే మనం పీల్చే జబ్బు గాలి రెండుచోట్లా సమానమే.

తేడా అది వచ్చే తీరులో ఉంది. రైల్లో రోజూ చిటికెడు చిటికెడు వస్తుంది. గదిలో నాలుగు మీటింగులు ఏమీ ఉండదు, అయిదోదాంట్లో ఒక్కసారిగా మీద పడుతుంది, ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లందరి మీదా కలిపి. ఒక టీమ్‌లో అయిదుగురు ఒకే వారం మంచం పట్టడం ఇలాగే జరుగుతుంది. రైల్లో ఎవరు ఎవరికి అంటించారో ఎవరికీ తెలియదు కాబట్టి నింద మాత్రం రైలు మోస్తుంది.

ఈ లెక్క గాలి పూర్తిగా కలిసిపోయిందనుకుని వేసింది. రైల్లో అది నిజం కాదు. ఎదుటివాడి మొహం జానెడు దూరంలో ఉంటే అతని ఊపిరి పలచబడకముందే నా ముక్కుకి చేరుతుంది. పెట్టెలో గాలి ఎంత బాగా మారుతున్నా ఆ జానెడు దూరంలో అది పనిచేయదు. అందుకే రైల్లో మాస్క్ అంటున్నాను. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఆగిపోయిన విమానం

మూసిన గాలీ ఫ్లూ అనగానే ఈ రంగంలోవాళ్లు తప్పకుండా ఎత్తే ఉదంతం ఒకటుంది. 1977లో అలాస్కాలో 54 మంది ఉన్న ఒక విమానం ఎగరబోతూ ఇంజిన్ చెడి నేల మీదే మూడు గంటలు ఆగిపోయింది. ఆ సమయంలో గాలి మార్చే వ్యవస్థ పనిచేయలేదు. ప్రయాణికుల్లో ఒకరు అప్పటికే జబ్బుతో ఉన్నారు. 72 గంటలు తిరగకముందే ప్రయాణికుల్లో 72 శాతంమందికి దగ్గు, జ్వరం, ఒళ్లునొప్పులు. విమానంలోనే ఎక్కువసేపు ఉండిపోయినవాళ్లకి ఎక్కువగా, దిగి బయట తిరిగినవాళ్లకి తక్కువగా వచ్చింది. ఎంత దగ్గర కూర్చున్నారన్నదానికంటే ఎంతసేపు ఆ గాలిలో ఉన్నారన్నదే నాకు ఇందులో ముఖ్యంగా కనబడుతుంది.

ఇది చదివిన మొదటిరోజు నా వాదన గెలిచేసినట్టే ఉబ్బిపోయాను. తర్వాత దీనికి అడ్డం తిరిగే ఇంకో పరిశోధన దొరికింది. బ్రిటన్‌లో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకి కావాలనే ముక్కులో ఫ్లూ వైరస్ వేసి, మరో 75 మందితో కలిపి కొన్ని రోజులు ఒకే చోట ఉంచారు. కలిసి కూర్చున్నారు, కబుర్లు చెప్పుకున్నారు, ఆటలాడారు. ఫలితాలు 2020లో అచ్చయ్యాయి: ఆ 75 మందిలో అంటుకుంది ఒక్కరికి.

మరి మూసిన గదిలో కూర్చుంటే పడిపోతామన్న నా మాట ఏమైనట్టు? ముక్కులో చుక్కలు వేయడం వల్ల వచ్చిన జబ్బు తేలికగా వచ్చిందనీ, వాళ్లు పెద్దగా దగ్గలేదనీ, గాలిలోకి వదిలిన వైరస్ తక్కువేననీ వివరణలు ఉన్నాయి. అవి సబబుగానే ఉన్నాయి. కానీ నాకు అందులోంచి తోచింది వేరే: ఫ్లూ ఉన్న ప్రతి మనిషీ ఒకేలా పంచడు. చాలామంది కొద్దిగానే వదులుతారు, కొందరు విపరీతంగా వదులుతారు. మా రివ్యూకి వచ్చిన కుర్రాడు ఏ రకమో మీటింగ్‌కి ముందు చెప్పే యంత్రం లేదు. కాబట్టి గాలి మార్చినా చాలా మీటింగుల్లో అది వృథా ఖర్చే అవుతుంది. ఎప్పుడో వచ్చే ఆ ఒక్క మీటింగ్ కోసమే అన్నిసార్లూ మార్చాలి. ఇదే ఈ పనికి ఉన్న అసలు ఇబ్బంది. ఫలితం కంటికి కనబడదు.

ఆరడుగులు

దూరం గురించి ఎక్కువ చెప్పను. దగ్గినప్పుడు పడే పెద్ద తుంపర్లు, పదోవంతు మిల్లీమీటర్ ఉండేవి, క్షణాల్లో నేలకి దిగిపోతాయి. వాటికి ఆరడుగులు చాలు. కానీ ఊపిరిలోనూ మాటలోనూ వచ్చే నలుసులు ఇంకా చాలా చిన్నవి. మిల్లీమీటర్‌లో రెండొందలవ వంతు ఉన్న నలుసు మనిషి తల ఎత్తు నుంచి నేలకి దిగడానికి నిశ్చలమైన గాలిలో అరగంట పట్టొచ్చు. అందులో అయిదోవంతు ఉన్నదైతే పన్నెండు గంటలు. ఏసీ ఫ్యాను తిరిగే గదిలో గాలి నిశ్చలంగా కూడా ఉండదు. ఆరుమీటర్ల గదిలో ఎక్కడ కూర్చున్నా ఒకే గాలి. ఒకే బావిలో నీళ్లు ఏ వైపు నుంచి తోడితే ఏమిటి?

అయితే కుర్చీలు దూరం జరపడం వల్ల ఒక మేలు అనుకోకుండా జరుగుతుంది. దూరం జరిపితే గదిలో పదిమంది పట్టరు, ఆరుగురే పడతారు. ఆరుగురు వదిలే ఊపిరి పదిమంది వదిలేదానికంటే తక్కువ, అందులో జబ్బుమనిషి ఉండే అవకాశమూ తక్కువే. మేలు చేసింది దూరం కాదు, తలల లెక్క. నోటీసులో ఆ మాట రాయరు. రాస్తే గది చాలదని ఒప్పుకోవాలి.

రైల్లో మాస్క్, దాని మీద నా అనుమానం

రైల్లో తలలు తగ్గించలేం. ఏసీ పెట్టెలో కిటికీ తీయలేం. కిటికీలు తెరుచుకునే బస్సైతే ఒకదాన్నే పూర్తిగా తీసేకంటే ముందొకటి, వెనకొకటి తీయడం మేలు. గాలికి వచ్చే దారితోపాటు పోయే దారీ ఉండాలి. అదీ బస్సు కదులుతున్నంతసేపే. సిగ్నల్ దగ్గర ఆగితే గాలీ ఆగిపోతుంది. కాబట్టి మిగిలింది మాస్క్.

మాస్క్ వద్దని వాదించేవాళ్లు, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023లో తెచ్చిన సమీక్షని చూపిస్తారు. జనంలో మాస్కులు పెట్టుకోమని చెప్పడం వల్ల ఫ్లూ లాంటి జబ్బులు తగ్గినట్టు ట్రయల్స్‌లో పెద్దగా కనబడలేదని అది చెప్పింది. ఆ మాటని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. నిజాయితీగా చేసిన పనే అది. కానీ "మాస్కులు పనిచేయవని తేలింది" అని దాన్ని చదవడం సరికాదని ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే ప్రకటన ఇవ్వాల్సొచ్చింది. ఆ ట్రయల్స్ చాలావాటిలో కొలిచింది ఒక గుంపుకి మాస్కులిచ్చి పెట్టుకోమంటే ఏమవుతుందన్నది. వాళ్లలో చాలామంది సరిగ్గా పెట్టుకోలేదు, పెట్టుకున్నవాళ్లు కూడా ఇంట్లోనో క్యాంటీన్‌లోనో తీసేశారు. గొడుగు ఇచ్చి పంపినవాళ్లు తడిసొచ్చారంటే గొడుగులో చిల్లి ఉందో, వాళ్లు దాన్ని తెరవలేదో తెలుసుకోవాలి.

ఫ్లూ విషయంలో నన్ను ఒప్పించిన ప్రయోగం చిన్నది, సూటిగా ఉన్నది. అమెరికాలో ఫ్లూతో ఉన్నవాళ్లని ఒక పెద్ద గరాటు లాంటి యంత్రం ముందు అరగంట కూర్చోబెట్టి, వాళ్ల ఊపిరిలో వచ్చే వైరస్‌ని ఒకసారి మామూలు సర్జికల్ మాస్క్‌తో, ఒకసారి లేకుండా కొలిచారు. 2013లో అచ్చయింది. పెద్ద నలుసుల్లో వైరస్ 25 రెట్లు తగ్గింది. చిన్న నలుసుల్లో తగ్గింది 2.8 రెట్లే. మొత్తం మీద 3.4 రెట్లు. ఎన్95 కాదు, చెంపల పక్కన సందులున్న సర్జికల్ మాస్కే. అది జబ్బుమనిషి మొహం మీద ఉంది, ఆ సంగతి మర్చిపోకూడదు.

అంటే ఆరోగ్యంగా ఉన్న తొంభై ఎనిమిదిమంది మాస్కులు పెట్టుకోవడం కంటే, గొంతు గరగరగా ఉన్న ఆ ఇద్దరు పెట్టుకోవడం ముఖ్యం. జరిగేది మాత్రం ఇందుకు తిరగబడి. జాగ్రత్తపరులు పెట్టుకుంటారు, దగ్గేవాళ్లు మాస్క్ కిందికి లాగి దగ్గుతారు. ఒకసారి రైల్లో నా ఎదురుగా నిలబడ్డ పెద్దాయన సరిగ్గా అలాగే చేశారు. దగ్గొచ్చింది, మాస్క్ గడ్డం కిందికి లాగారు, పక్కకి తిరిగి దగ్గారు, మళ్లీ పైకి లాక్కున్నారు. "మాస్క్ ఉండగానే దగ్గండి సార్" అన్నాను. "తడిసిపోతుంది బాబూ, మళ్లీ ఇదే కదా పెట్టుకోవాలి" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. నా బ్యాగులో ఇంకో మాస్క్ ఉండి ఉంటే ఉండేది. అప్పటినుంచి రెండు అదనంగా పెట్టుకుంటున్నాను.

ఎదుటివాళ్లు పెట్టుకోరు కాబట్టి నా కోసం నేను పెట్టుకునేది ఎన్95. ముక్కు పైన తీగని వేళ్లతో బాగా నొక్కి, రెండు చేతులూ మాస్క్ చుట్టూ ఆనించి గట్టిగా ఊదితే కళ్ల వైపు గాలి తగలకూడదు. కళ్లజోడు మసకబారుతోందంటే ముక్కు పక్కన సందు ఉన్నట్టే, అటు నుంచే గాలి వడపోత లేకుండా లోపలికీ వస్తుంది. తల వెనక్కి వెళ్లే పట్టీలున్నవి చెవులకి తగిలించుకునే వాటికంటే బాగా అతుక్కుంటాయి. గడ్డం ఉంటే ఏదీ సరిగ్గా అతుక్కోదు. నాకు గడ్డం ఉంది. సీజన్ మూడు నెలలు తీసేస్తున్నాను, ఇంట్లో ఎవరికీ నచ్చకపోయినా. ప్లాట్‌ఫామ్ మీద రైలెక్కకముందే పెట్టుకుంటాను, దిగాక తీస్తాను. పాతిక నిమిషాలు ఎవరైనా భరించగలరు. ఆఫీసులో తొమ్మిది గంటలు పెట్టుకోమంటే మాత్రం నేను కూడా పెట్టుకోను. మంచినీళ్లు తాగాలి, ఫోన్ మాట్లాడాలి, భోజనం చేయాలి. రోజంతా పెట్టుకోవాలని రాసిన నియమం పదకొండింటికల్లా అందరి గడ్డాల కిందికీ చేరుతుంది.

సీలింగ్ పైన

2,750 అన్న అంకె ఫొటో తీసి ఫెసిలిటీస్ చూసే ఆయన దగ్గరికి వెళ్లాను. "ఏసీ సర్వీస్ మొన్ననే చేయించాం సార్, ఫిల్టర్లు కూడా కడిగించాం" అన్నారు. ఆయన తప్పు కాదు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ క్యాసెట్ ఏసీ అయినా, గోడకి ఉండే స్ప్లిట్ ఏసీ అయినా గదిలో గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. మామూలుగా బయటి గాలి ఒక్క గుక్క కూడా తేదు. బావ అడిగిన ప్రశ్న అప్పటికి నాకు ఎక్కింది. పెద్ద భవనాల్లో బయటి గాలికి వేరే డక్టు ఉండాలి.

"మరి ఆ డక్టు ఉందా?" అని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి నిచ్చెన తెప్పించారు. సీలింగ్ పలక ఒకటి జరిపి టార్చి వేశారు. డక్టు ఉంది. గది దాకా వచ్చింది కూడా. దాని మెడ దగ్గర గాలిని వదిలే, ఆపే రేకు ఉంటుంది, డ్యాంపర్ అంటారు. దాని పిడిని మూసిన వైపుకి తిప్పి, కదలకుండా తీగతో కట్టేశారు. మీద మందంగా దుమ్ము. ఎప్పుడు కట్టారో ఆయనకీ తెలియదు. "కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని ఎవరో కట్టించి ఉంటారు సార్. బయటి గాలి తెస్తే దాన్ని మళ్లీ చల్లబరచాలి కదా" అన్నారు. అది నిజమే, బయటి గాలి ఊరికే రాదు. కానీ అయిదుగురు ఉద్యోగులు మూడేసి రోజులు రాకపోతే అయ్యే ఖర్చు ఏ బిల్లులోనూ విడిగా కనబడదు. కరెంటు ప్రతినెలా కనబడుతుంది.

తీగ విప్పించారు. తర్వాతి రివ్యూకి మళ్లీ పదిమందిమి. గంట చివర మీటర్ 1,280 దగ్గర నిలిచింది. 2,750తో పోలిస్తే ఎంతో నయం, కానీ చాలదు. మనిషికి సెకనుకి 10 లీటర్ల బయటి గాలి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. కూర్చుని పనిచేసే మనుషులున్న చోట అది మీటర్ మీద సుమారు 920 దగ్గర స్థిరపడుతుంది. మా గదిలో మనిషికి అందుతున్నది అయిదున్నర లీటర్లు.

లోటు పూడ్చడానికి గంటకి 300 ఘనపు మీటర్ల గాలి వడపోసే ప్యూరిఫయర్ పెట్టొచ్చు. దాన్ని పదిమందికి పంచితే మనిషికి సెకనుకి ఎనిమిది లీటర్ల పైచిలుకు శుభ్రమైన గాలి వస్తుంది. కానీ డబ్బా మీద రాసిన ఆ 300 ఫుల్ స్పీడ్‌లో మాట. ఫుల్ స్పీడ్‌లో అది పెట్టే రొదకి మీటింగ్ మొదలైన అయిదో నిమిషానికి ఎవరో ఒకరు లేచి తగ్గించేస్తారు. పైగా ప్యూరిఫయర్ నలుసుల్ని పడుతుంది గాని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టదు, మీటర్ మీద అంకె అలాగే ఉంటుంది. "నంబర్ మారకపోతే ఇది పనిచేస్తోందని పైవాళ్లకి ఎలా చూపించను సార్?" అని ఆయన అడిగారు. ఆ ప్రశ్నకి నేను చెప్పిన జవాబు ఆయనకి నచ్చలేదు. నాకూ పెద్దగా నచ్చలేదు.

రెండు రోజుల తర్వాత ఆ గదిలోకి వెళ్తే నాలుగు కుర్చీలు లేవు. ఎవరు తీశారని అడిగితే, "నేనే స్టోర్‌లో వేయించాను సార్. ప్యూరిఫయర్‌కి అప్రూవల్ రావాలి. కుర్చీలు తీయడానికి ఎవరి సంతకం అక్కర్లేదు" అన్నారు ఫెసిలిటీస్ ఆయన. తలుపు మీద పాత స్టిక్కర్ కూడా గీకేశారు, జిగురు మరక మాత్రం ఉంది.

మొన్నటి రివ్యూలో గదిలో ఆరుగురం, మిగతా నలుగురు తమ సీట్ల నుంచి కాల్‌లో ఉన్నారు. ఆ గొంతు సవరించుకునే కుర్రాడికి మళ్లీ జలుబు, అతనే ముందుగా చెప్పి బయట ఉండిపోయాడు. గంట చివర మీటర్ 940. ఫైళ్లు సర్దుకుంటూ మా మేనేజర్ గారు, "ఏంటో, ఇవాళ రివ్యూలో ఎవరికీ ఆవలింతలు రాలేదు, నేను బాగా మాట్లాడినట్టున్నాను" అన్నారు. మేం ఎవరం కాదనలేదు.